దీపం, మూత, జాబితా: మన కెమెరాను ఎవరు వాడుతున్నారు?

పుదుచ్చేరిలో ఉద్యోగం చేస్తున్న తెలుగు కుటుంబాలలో యానాం నుంచి వచ్చినవారు తక్కువేమీ కాదు. పరిపాలన ఒకటే అయినా, గౌతమీ తీరానికీ ఇక్కడి సముద్రతీరానికీ మధ్య ఎనిమిది వందల కిలోమీటర్లకు పైగా దూరం ఉన్నది. ఆ దూరాన్ని ఈనాడు ప్రతి రాత్రీ దాటుతున్నది ల్యాప్‌టాప్ తెర పైభాగాన ఉండే మినపగింజంత కెమెరా. లాస్‌పేటలో నివసించే మా సహోద్యోగి ఇంట్లో ఆ కెమెరా ముందు కూర్చుని మనుమరాలు పాట పాడుతుంది; యానాంలో అమ్మమ్మగారు వింటారు.

ఒక శనివారం రాత్రి ఏడూ ముప్పై ఎనిమిది గంటలకు ఆ ఇంట్లో ఎవరూ ఎవరితోనూ మాట్లాడడం లేదు. అయినా కెమెరా పక్కన ఉండే చిన్న తెల్లదీపం వెలుగుతోంది. ల్యాప్‌టాప్ ఉన్నది ఆడపిల్లల గదిలో. సహోద్యోగి భార్య వెంటనే తన నుదుటి మీది స్టిక్కర్ బొట్టు తీసి కెమెరా మీద అంటించి, మూత మూసివేసి, మరునాడు ఉదయమే మాకు కబురు చేశారు. మేము వెళ్ళేసరికి ఆమె అడిగిన మొదటి ప్రశ్న ఇది: "అన్నయ్యగారూ, నిన్న దీపం వెలిగింది గనుక చూశాను. మరి వెలగకుండా ఎన్నిసార్లు చూసి ఉంటారో ఎలా తెలుస్తుంది?"

ఈ ప్రశ్నకు సమాధానం రెండు మాటలలో చెప్పగలిగినది కాదు. అందువల్లనే ఈ వ్యాసం.

దీపం వెనుక ఉన్న తీగ

కెమెరా పనిచేస్తే దీపం వెలుగుతుందని మనమందరం నమ్ముతాము. అయితే ఆ దీపాన్ని వెలిగిస్తున్నది ఎవరు? ఇక్కడ రెండు పద్ధతులున్నాయి. మొదటి పద్ధతిలో, చిత్రాన్ని పట్టే సెన్సారుకు అందే విద్యుత్తే దీపానికీ అందుతుంది. సెన్సారు మేల్కొంటే దీపం వెలగక తప్పదు. మధ్యలో ఏ ప్రోగ్రాముకూ జోక్యం లేదు. రెండవ పద్ధతిలో, కెమెరాలోని చిన్న నియంత్రణ చిప్పు సెన్సారును ఒక ఆజ్ఞతోనూ, దీపాన్ని మరొక ఆజ్ఞతోనూ నడుపుతుంది. ఆ చిప్పులోని ఆజ్ఞల వరుసను ఫర్మ్‌వేర్ అంటారు. దానిని మార్చగలిగినవాడు దీపాన్ని ఆర్పి సెన్సారును మాత్రం నడపగలడు. బయట నుంచి చూస్తే ఈ రెండు రకాల కెమెరాలకూ ఏ తేడా కనిపించదు.

మొదటి పద్ధతికి చెందినదని అందరూ అనుకున్న కెమెరా కూడా మోసపోయిన ఉదంతం ఒకటి ఉన్నది. 2013 డిసెంబరులో అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయానికి చెందిన మాథ్యూ బ్రాకర్, స్టీఫెన్ చెకోవే అనే పరిశోధకులు, 2008కి పూర్వపు ఆపిల్ మాక్‌బుక్, ఐమాక్ కంప్యూటర్లలోని ఐసైట్ కెమెరాను విప్పి పరిశీలించి ఒక నివేదిక వెలువరించారు. ఆ కెమెరాలో సెన్సారును నిద్రపుచ్చడానికి "స్టాండ్‌బై" అనే తీగ ఒకటి ఉన్నది. దీపాన్ని కూడా అదే తీగకు కలిపారు. తీగ మీద నిద్ర సంకేతం ఉన్నంతసేపు సెన్సారు నిద్రిస్తుంది, దీపం ఆరి ఉంటుంది. సంకేతం తొలగగానే సెన్సారు లేస్తుంది, దీపం వెలుగుతుంది. చూడటానికి ఇది చక్కని ఏర్పాటే.

లోపం తీగలో లేదు, సెన్సారులో ఉన్నది. స్టాండ్‌బై తీగను పట్టించుకోనక్కరలేదని చెప్పే ఒక అమరిక ఆ సెన్సారులోనే ఉన్నది. పరిశోధకులు నియంత్రణ చిప్పుకు కొత్త ఫర్మ్‌వేర్ పంపి, ముందుగా సెన్సారు చేత ఆ అమరిక చేయించారు. తరువాత నిద్ర సంకేతాన్ని అలాగే నిలిపి ఉంచారు. దీపం నిద్రలోనే ఉన్నది. సెన్సారు మాత్రం సంకేతాన్ని లెక్కచేయక చిత్రాలు పంపుతూ పోయింది. కావలివాని కళ్ళకు గంతలు కట్టలేదు. యజమాని నిద్రలో ఉన్నాడని అతనిని నమ్మించారు, అంతే. మరింత కలవరపరిచే విషయమేమంటే, ఆ కొత్త ఫర్మ్‌వేర్ పంపడానికి కంప్యూటరు నిర్వాహకుని అధికారాలు కూడా అవసరం లేకపోయింది. మామూలు వాడుకదారు నడిపే ప్రోగ్రాము చాలు.

అది పాత సంగతి, ఆ యంత్రాలు ఇప్పుడెక్కడ, అని మా కార్యాలయంలోనే ఒకరు అన్నారు. 2024లో ఆండ్రే కొనొవలోవ్ అనే పరిశోధకుడు థింక్‌ప్యాడ్ ఎక్స్230 అనే ల్యాప్‌టాప్ మీద ఇటువంటి పనే చేసి చూపారు. అది 2012 నాటి నమూనా. అందులో దీపం నియంత్రణ చిప్పు కాలికి కలిసి ఉన్నది, అనగా మేము పైన చెప్పిన రెండవ పద్ధతి. కెమెరా కంప్యూటరుకు లోపలి యు.ఎస్.బి. ద్వారానే కలిసి ఉంటుంది గనుక, యంత్రాన్ని విప్పకుండానే, ప్రోగ్రాము ద్వారానే ఫర్మ్‌వేర్ మార్చి, దీపం ఆర్పి చిత్రం తీయగలిగారు. కార్యాలయాలు మార్చివేసిన పాత ల్యాప్‌టాప్‌లు పిల్లల చదువుకని ఇళ్ళకు చేరడం మామూలే కనుక, ఈ సంగతి తెలిసి ఉండడం అవసరం.

ఇది చదివి బెంబేలు పడనక్కరలేదు. ఇటువంటి పనికి ఆ కెమెరా నమూనాకు ప్రత్యేకంగా సిద్ధం చేసిన ఫర్మ్‌వేర్ కావాలి, దానిని పంపే దుష్ట ప్రోగ్రాము ముందుగా మన యంత్రంలో చొరబడి ఉండాలి. కనుక ఆ తల్లికి మేము చెప్పిన జవాబు ఇది: దీపం వెలిగితే కెమెరా పనిచేస్తున్నదని నమ్మవచ్చును. దీపం వెలగకపోతే పనిచేయడం లేదని చాలావరకు నమ్మవచ్చును, పూర్తిగా కాదు.

వెలిగిన దీపాన్ని చూసి కూడా తప్పుగా అర్థం చేసుకోవచ్చును. అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రపు లోయర్ మెరియన్ పాఠశాలల విభాగం విద్యార్థులకు ల్యాప్‌టాప్‌లు ఇచ్చింది. దొంగతనానికి గురైన వాటిని వెతకడానికని వాటిలో ఒక ప్రోగ్రాము ఉంచింది. అది దూరం నుంచే కెమెరాతో ఫొటోలు తీసేది. అప్పుడప్పుడు పచ్చదీపం మినుకుమనడం కొందరు పిల్లలు గమనించి అడిగితే, అది యంత్రంలోని చిన్న లోపమన్న సమాధానం వచ్చింది. 2010లో ఒక విద్యార్థి కుటుంబం న్యాయస్థానానికి వెళ్ళిన తరువాతనే, తెరల చిత్రాలతో కలిపి యాభై వేలకు పైగా చిత్రాలు పోగుపడిన సంగతి బయటపడింది. అదే సంవత్సరం ఆ విభాగం 6,10,000 డాలర్లు చెల్లించి రాజీపడింది. అక్కడ దీపం నిజమే చెప్పింది. పెద్దలు వినలేదు.

జాబితా చెప్పేది, చెప్పనిది

ఇక లాస్‌పేట ఇంటికి వద్దాము. ల్యాప్‌టాప్ మూత తెరిచి, బొట్టు తీయకముందే, పక్కనున్న దీపం మళ్ళీ వెలగడం చూశాము. ఇది మా అదృష్టమనే చెప్పాలి. దొంగ ఇంట్లో ఉండగానే తలుపు తట్టినట్లయింది.

ఆ యంత్రంలో ఉన్నది విండోస్ 11. `Settings` తెరిచి, `Privacy & security` లోనికి వెళ్ళి, `Camera` అన్న పేరు నొక్కితే ఒక జాబితా వస్తుంది. చాలామంది ఈ జాబితాను చూసి, ఇందులో ఉన్నవన్నీ తమను చూస్తున్నాయని కంగారు పడతారు. అది నిజం కాదు. అందులో మొదట కనిపించేది అనుమతి: ఎవరు కెమెరాను అడిగితే ఇవ్వవచ్చునో ఆ పేర్లు. ఇంటి తాళంచెవులు ఎవరెవరి దగ్గర ఉన్నాయో చెప్పే పట్టిక వంటిది. ప్రస్తుతం ఇంట్లో ఎవరున్నారో ఆ పట్టిక చెప్పదు. దానికి ఆ పేర్ల కింద సన్నని అక్షరాలలో ఉండే మరొక వివరం చూడాలి: చివరిసారి వాడిన తేదీ, సమయం; లేదా ఇప్పుడు వాడుకలో ఉన్నదన్న సూచన. అదే పేజీలో `Recent activity` అన్న చోట ఇటీవలి వాడుక కూడా కనిపిస్తుంది.

మా చూపు నిలిచినది జాబితా దిగువన ఉన్న `Let desktop apps access your camera` అన్న భాగం మీద. విండోస్ వారి దుకాణం నుంచి కాక, మనమే తెచ్చుకుని స్థాపించుకున్న ప్రోగ్రాములు ఇక్కడ చేరతాయి. పై భాగంలో ఒక్కొక్క ప్రోగ్రాముకు ఒక్కొక్క మీట ఉంటే, ఇక్కడ మా ముందున్న యంత్రంలో అన్నిటికీ కలిపి ఒకటే మీట. అక్కడ ఇంటివారు వాడే బ్రౌజర్ పేరు, దాని కింద ప్రస్తుతం వాడుకలో ఉన్నదన్న మాట కనిపించాయి.

తెర మీది మాటను సరిచూసుకోవడానికి ఆజ్ఞల గవాక్షం తెరిచి ఈ క్రింది ఆజ్ఞ ఇచ్చాము. కెమెరా వాడుకను విండోస్ రాసుకునే చిట్టా ఇదే.

```
reg query "HKCU\Software\Microsoft\Windows\CurrentVersion\CapabilityAccessManager\ConsentStore\webcam\NonPackaged" /s
```

ప్రతి ప్రోగ్రాముకూ ఒక పద్దు వస్తుంది. ప్రోగ్రాము ఉన్న చోటు అందులో `\` గుర్తులకు బదులు `#` గుర్తులతో ఉంటుంది. ఒక్కొక్క పద్దులో `LastUsedTimeStart`, `LastUsedTimeStop` అని రెండు అంకెలు. మొదటిది వాడుక ఆరంభమైన క్షణం, రెండవది ముగిసిన క్షణం. అంకెలు మానవమాత్రులు చదివేవిగా ఉండవు. 1601 జనవరి 1 నుంచి సెకనులో కోటోవంతుల లెక్కన సాగుతాయి. కానీ వాటిని విప్పనక్కరలేదు. రెండవ అంకె `0x0` అని ఉంటే వాడుక ఇంకా ముగియలేదని అర్థం. మిగిలిన పద్దులన్నింటికీ ముగింపు ఉన్నది. బ్రౌజర్ పద్దులో మాత్రం సున్న ఉన్నది.

ఇక్కడితో సగం దారే నడిచాము. బ్రౌజర్ అంటే ఒక మనిషి కాదు, సత్రం. అందులో ఏ గదివారు కెమెరా వాడుతున్నారో విండోస్‌కు తెలియదు. దాని చిట్టాలో సత్రం పేరే ఉంటుంది. లోపలి సంగతి బ్రౌజరునే అడగాలి. ఆ ఇంట్లో ఉన్నది క్రోమ్. పైన వరుసగా తెరిచి ఉన్న ఇరవై పైచిలుకు ట్యాబులలో ఒకదాని మీద కెమెరా వాడుకను తెలిపే ఎర్రని గుర్తు కనిపించింది. తెరిచి చూస్తే, పెద్దమ్మాయి శనివారం సాయంత్రం చేరవలసిన ట్యూషన్ తరగతి పేజీ. ఆ రోజు ఉపాధ్యాయుడు రాలేదు. అమ్మాయి కొంతసేపు చూసి, ఆ పేజీని మూయకుండా వేరే పని చూసుకుంది. తరగతిలో ప్రవేశించేముందు మన ముఖం మనకే అద్దంలో వలె చూపించే తొలి పేజీ అది. దానికి కెమెరా కావాలి. ఆ పేజీ కెమెరాను పట్టుకుని ఎవరి కోసమో ఎదురుచూస్తూ రాత్రంతా నిలిచి ఉన్నది.

ఎవరైనా చూశారా? ఆ పేజీలో తరగతికి అవతలివైపు ఎవరూ చేరలేదు. అద్దం చూపడం వరకే అది వచ్చింది. అయితే ఈ మాట దీపం చెప్పలేదు, విండోస్ జాబితా చెప్పలేదు. పేజీని తెరిచి చూస్తేనే తెలిసింది. చిత్రం తెర మీదనే ఆగిపోతున్నదా, నమోదవుతున్నదా, ఇంటి గడప దాటి పోతున్నదా అన్నది ఏ దీపానికీ తెలియదు.

ట్యాబు మూయగానే దీపం ఆరింది. అదే ఆజ్ఞ మళ్ళీ ఇస్తే, సున్న ఉన్నచోట పొడవాటి అంకె వచ్చి కూర్చున్నది. తల్లి ముఖం కొంచెం తేటపడింది. మేము మాత్రం క్రోమ్ చిరునామా పట్టీలో `chrome://settings/content/camera` అని టైపు చేసి, కెమెరాకు శాశ్వతానుమతి పొందిన స్థలాల జాబితా తెరిచాము. పదకొండు పేర్లున్నాయి. రెండు ట్యూషన్లవి, ఒకటి ఎప్పుడో మానివేసిన నృత్య తరగతిది, ఒకటి మా సహోద్యోగి తమ్ముడు ఇంటర్వ్యూ ఇచ్చిన కంపెనీది. నాలుగింటిని ఇంట్లో ఎవరూ గుర్తుపట్టలేకపోయారు. ఆ నాలుగింటినీ, అవసరం తీరినవాటినీ తొలగించాము. ఇకపై కెమెరా అడిగే పేజీకి `Allow this time` అన్న సమాధానమే ఇవ్వవలసిందని పిల్లలకు చెప్పాము. దానివల్ల ఆ అనుమతి ఆ పూటతో పోతుంది.

ఈ జాబితాలకు ఒక హద్దు ఉన్నది. అడిగి తీసుకునేవారి పేర్లే ఇందులో ఉంటాయి. డెస్క్‌టాప్ ప్రోగ్రాములలో కొన్ని తమ సొంత డ్రైవరు ద్వారా కెమెరాను నేరుగా అందుకోగలవని, అవి ఈ జాబితాలో కనిపించకపోవచ్చునని మైక్రోసాఫ్ట్ సంస్థే తన సహాయ పత్రాలలో చెబుతున్నది. అలాగే ముఖం చూసి తలుపు తెరిచే విండోస్ హలో సౌకర్యం, కెమెరా అనుమతులను కట్టివేసినా పనిచేస్తుంది. మూత తెరవగానే మంద్రమైన ఎర్రని కాంతి మిణుకుమంటే అది చాలావరకు ఆ పరారుణ కెమెరాదే. దానిని చూసి భయపడి మాకు ఫోన్ చేసినవారు ఇద్దరున్నారు.

చేతిలోని ఫోను విషయంలో ఒక మాట. ఐఫోనులో 2020 నాటి ఐఓఎస్ 14 నుంచి, ఆండ్రాయిడ్‌లో 2021 నాటి 12వ కూర్పు నుంచి, కెమెరా వాడుకలో ఉంటే తెర పైమూల పచ్చని చుక్క కనిపిస్తుంది. అది ల్యాప్‌టాప్ దీపం వంటిది కాదు. వేరే దీపమేమీ లేదు. ఫోనును నడిపే వ్యవస్థ తెర మీద గీసే బొమ్మ అది. కనుక దాని నిజాయితీ ఆ వ్యవస్థ నిజాయితీ ఎంతో అంతే.

బొట్టుబిళ్ల సంగతి

అంతా అయిన తరువాత ఆ ఇల్లాలు నవ్వుతూ, "మరి నా బొట్టు వృథాయేనా?" అన్నారు. కాదు. ఆ గదిలో ఉన్నవాటిలో ఫర్మ్‌వేర్‌కు లొంగనిది అదొక్కటే. దీపమైనా జాబితా అయినా మనకు వార్త మాత్రమే తెస్తాయి. కటకం మీద అడ్డు ఉంటే వార్త నిజమైనా అబద్ధమైనా అవతలివారికి కనిపించేది చీకటే.

అయితే అడ్డులలో తేడాలున్నాయి. కొన్ని ల్యాప్‌టాప్‌లలో కెమెరా మీద జరిపే మూత తయారీలోనే వస్తుంది. థింక్‌ప్యాడ్‌లలో అది 2018 నుంచి కనిపిస్తున్నది. ఈ మూత వేసిన సంగతి ప్రోగ్రాముకు తెలియదు. అది కెమెరా వాడుతూనే ఉంటుంది, దీపం వెలుగుతూనే ఉంటుంది, చిత్రం మాత్రం నల్లగా పోతుంది. కనుక మూత వేసినా దీపం వెలిగితే మూత చెడిందని కాదు; ఏదో ప్రోగ్రాము ఇంకా ప్రయత్నిస్తున్నదని అర్థం. అప్పుడు జాబితా చూడటం మంచిది. మరికొన్ని నమూనాలలో పక్కన ఉండే మీటగానీ, కీబోర్డులోని ఒక మీటగానీ కెమెరాను కంప్యూటరు నుంచే విడదీస్తుంది. ఆ మీట నొక్కి `Device Manager` తెరిచి చూస్తే కెమెరా పేరే కనిపించదు. మన యంత్రానిది ఏ రకమో తెలుసుకోవడానికి ఇదే పరీక్ష.

దుకాణాలలో దొరికే ప్లాస్టిక్ జరుగుడు మూతలు అంటించుకునేవారు ఒక సంగతి గమనించాలి. పలుచని ల్యాప్‌టాప్‌లలో తెరకూ కీబోర్డుకూ మధ్య ఖాళీ దాదాపు ఉండదు. అటువంటి మూత ఉంచి బిగించి మూస్తే అద్దం చిట్లవచ్చును. 2020లో ఆపిల్ సంస్థ తన మాక్‌బుక్‌ల విషయంలో ఈ హెచ్చరికే చేసింది. అడ్డు తప్పనిసరి అయితే అది మామూలు కాగితపు మందం, అనగా 0.1 మిల్లీమీటరు మించరాదని, జిగురు మిగిల్చేది కారాదని, అంతకంటే మందమైనదైతే మూత మూసేముందు తీసివేయాలని చెప్పింది.

ఈ లెక్కన స్టిక్కర్ బొట్టు మందంలో కొంత పరవాలేదు గాని, జిగురు పరీక్షలో తప్పింది. తీసి చూస్తే కటకం మీద గుండ్రని మరక ఉన్నది. కళ్ళజోడు తుడిచే గుడ్డతో ఓపికగా తుడవవలసి వచ్చింది. దాని స్థానంలో కాగితాన్ని చిన్న పట్టీగా కత్తిరించి, తెర పై అంచు మీదుగా మడిచి వేలాడదీశాము. మాట్లాడేటప్పుడు ఎత్తివేయవచ్చును, మూసేముందు తీసివేయవచ్చును.

ఇంతలో ఆ చిన్నపిల్ల, అప్పటివరకు మౌనంగా చూస్తున్నది, అడిగింది: "మావయ్యగారూ, కాగితం వేస్తే మేము మాట్లాడుకునేది వినపడదా?" వినపడుతుంది. అడ్డు చూపునే ఆపుతుంది. మైకుకు మూతలేదు, ఆ యంత్రంలో దీపమూ లేదు. మిగిలినది జాబితా ఒక్కటే. అది కూడా `Privacy & security` లోనే, `Microphone` అన్న పేరుతో, అచ్చంగా కెమెరా జాబితా వలెనే ఉన్నది. చిట్టా చూసే ఆజ్ఞలో `webcam` అన్న చోట `microphone` అని రాస్తే చాలు. రాసి చూశాము. అన్ని పద్దులకూ ముగింపు అంకె ఉన్నది. ఒక్కటి తప్ప. ఆ ఒక్కటీ ఆ సమయంలో యానాం నుంచి వస్తున్న అమ్మమ్మగారి పిలుపును ఎత్తిన ప్రోగ్రాముదే.